అద్దంలో నీలి దీపాలు

ఆ ఆటల షాపులో టేపమ్మ అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినబడదు. బట్టల ఫ్యాక్టరీలో కత్తిరింపు బల్ల ముందు ఇరవై రెండేళ్లు నిలబడిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడిన రోజు అందరూ కత్తెరలు అప్పగించి సంతకాలు పెట్టారు. ఆమె కూడా కత్తెర ఇచ్చేసింది. మెడలో వేలాడుతున్న టేపు సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ టేపుతోనే ఈ షాపులో చేరింది కాబట్టి వచ్చే పిల్లలు ఆమెకు ఆ పేరు పెట్టారు. పెద్దలూ అదే ఖాయం చేశారు.

షాపు ఒక పెద్ద వ్యాపార సముదాయంలో మూడో అంతస్తులో ఉంది. ముందు గదిలో మామూలు ఆటల మెషిన్లు. లోపలి గదిలో ఒక టీవీ, దాని కింద గేమ్ కన్సోల్, పక్కన చిన్న పెట్టె, ఆ పెట్టెలోంచి పొడుగు తీగతో వచ్చే హెడ్‌సెట్. హెడ్‌సెట్ తగిలించుకున్నవాడికి ఈ గది మాయమై ఇంకో లోకం కనిపిస్తుంది. ఒకడు కొండ అంచున నిలబడతాడు, ఒకావిడ సముద్రం అడుగున చేపల మధ్య తిరుగుతుంది. బయటినుంచి చూసేవాళ్లకు మాత్రం ఖాళీ గదిలో ఒక మనిషి గాలిని తడుముకుంటూ కనిపిస్తాడు. వాళ్లకు హెడ్‌సెట్ పెట్టడం, నుదురు తగిలే మెత్త తుడవడం, కాళ్లకు తీగ చుట్టుకోకుండా వెనకాలే నిలబడి పట్టుకోవడం టేపమ్మ పని.

షాపు తెరిచిన కొత్తలో ఒక మెకానిక్ వచ్చి అన్నీ అమర్చి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ అసలు విషయం ఒక్కటే చెప్పాడు. టీవీ మీద పెట్టిన చిన్న కెమెరాయే దీనికి కళ్లు. హెడ్‌సెట్ ముందూ వెనకా నీలి దీపాలుంటాయి. కెమెరా ఆ దీపాలను చూసి తల ఎటు తిరిగిందో, ఎంత వంగిందో లెక్క కడుతుంది. దీపాలు దానికి కనబడకపోయినా, దీపాల్లాంటివి ఇంకేవైనా కనబడినా లెక్క తప్పుతుంది. అప్పుడు ఆడేవాడి ముందున్న లోకం వణుకుతుంది, పక్కకు జారిపోతుంది, చేతులు భుజాల్లోంచి ఊడి ఎగిరిపోయినట్టు కనిపిస్తాయి. ఆట స్థలం దాటి వెళ్లారని తెర మీద హెచ్చరిక వస్తుంది.

టేపమ్మకు అంతే చాలు. కెమెరాను తన ఛాతీ ఎత్తుకు కాస్త పైన, టీవీ నడిమధ్యన ఉండేలా సరిచేసింది. అక్కడి నుంచి ఆరున్నర అడుగుల దగ్గర నేల మీద పాదాల గుర్తులు గీసింది. కెమెరా చూపు దగ్గర్లో ఇరుకు, దూరం పోయేకొద్దీ వెడల్పు. ఆమెకు అది వెంటనే అర్థమైంది: నడుము దగ్గర బిగుతుగా, అంచు దగ్గర ఘేరుగా ఉండే లంగా కత్తిరింపు. కుట్టు సుద్దతో నేల మీద ఆ లంగానే గీసింది. ఆడేవాళ్లు నిలబడే చోట వెడల్పు ఆరడుగులు, పొడవు మొత్తం పది. కిటికీకి నల్లగుడ్డ కట్టింది. గోడకున్న జిగేల్మనే బొమ్మలు పీకేసింది. తళుకుల ఓణీ వేసుకొచ్చిన ఒక అమ్మాయిని ఓణీ తీసి పక్కన పెట్టమంది. మూడు నెలలు ఏ గొడవా లేకుండా నడిచింది.

ఆ తర్వాత ఒకరోజు హెడ్‌సెట్ లోపలి అద్దం మీద సన్నటి గీత కనిపించింది. ఎవరి కళ్లజోడు ఒరుసుకుందో, ఎవరి గోరు తగిలిందో దేవుడికే తెలియాలి. ఓనరుకు మాత్రం తెలిసిపోయింది. ‘మన దగ్గర పనిచేసేవాళ్లకు వస్తువు మీద ప్రేమ ఉండదు’ అన్నాడు. ఈ మాట అనని ఓనరును ఈ భూమ్మీద ఎవరూ చూసి ఉండరు. వారం తిరక్కుండానే లోపలి గది వెనక గోడకు పెద్ద కన్నం కొట్టించి గాజు పలక బిగించాడు. గోడకు అటువైపు ఆయన గది. అక్కడ కూర్చుంటే టీవీ, ఆడేవాళ్ల వీపులు, టేపమ్మ చేతులు, అన్నీ కనిపిస్తాయి. షాపు అందంగా ఉంటుందని పెట్టించానన్నాడు. అందం కోసం ఎవరూ గోడ పగలగొట్టరు.

అదిగో, అప్పట్నుంచే లోకం వణకడం మొదలైంది.

మొదటిసారి ఒక బ్యాంకు ఉద్యోగి ఆడుతున్నాడు. విల్లు ఎక్కుపెట్టినవాడు ఉన్నట్టుండి ‘నా చెయ్యేది?’ అంటూ తడుముకున్నాడు. టేపమ్మ కెమెరా దగ్గరికెళ్లి వంగి చూసింది, అద్దం మెత్తటి గుడ్డతో తుడిచింది, అతన్ని పాదాల గుర్తుల మీదికి తెచ్చి, బటన్ నొక్కి పట్టి బొమ్మను మళ్లీ ఎదురుకు తెప్పించింది. రెండు నిమిషాలు బాగానే ఉంది, మళ్లీ జారింది. అతను విసుక్కుని వెళ్లిపోయాడు. మర్నాడు ఇద్దరు అన్నదమ్ములకూ అదే జరిగింది. ఆ మర్నాడు ఒక టీచరమ్మ కళ్లు తిరిగి కుర్చీలో కూలబడింది.

పొద్దున ఏ ఇబ్బందీ లేదు. మధ్యాహ్నం కొన్నిసార్లు బాగుంటుంది, కొన్నిసార్లు ఉండదు. టేపమ్మ సుద్దతో తలుపు వెనక గీతలు పెట్టడం మొదలెట్టింది. బాగా నడిచిన ఆటకు నిలువు గీత, చెడిన ఆటకు అడ్డగీత. నాలుగు రోజుల గీతలు చూస్తే ఒక సంగతి తేలింది. ఓనరు గదిలో లైటు వెలిగి, ఆయన కుర్చీలో కనబడుతున్నంతసేపూ అన్నీ నిలువు గీతలే. ఆ గదిలో లైటు ఆరిపోయాక అడ్డగీతలు. లైటు ఆరిందంటే సారు బయటికెళ్లారని షాపులో అందరికీ లెక్క.

అంటే సారు లేనప్పుడే పాడవుతోంది. అంటే సారు లేనప్పుడు ఎవరో పాడుచేస్తున్నారు.

ఆమె అనుమానం నేరుగా కౌంటరు మీదికి పోయింది. అక్కడ కూర్చునేది ఓనరు బావమరిది. ఆ కుర్చీకి తప్ప ఇంకే పనికీ కుదరని మనిషి అని కింద గేటు దగ్గర గార్డు తాత అంటుంటాడు. తన అత్తవారి వైపు ఎవరినో లోపలి గదిలో పెట్టాలని అతనికి ఉన్నట్టు టేపమ్మ ఎక్కడో విన్నది. హెడ్‌సెట్‌కు ఆడేవాళ్ల తలలు కొలిచి పట్టీ బిగించే ఓపిక అతని వాళ్లకు ఎక్కడిది? అయినా బావమరిది అడిగితే బావ కాదంటాడా?

ఆ శుక్రవారం ఓనరు ఆమెను గదిలోకి పిలిచాడు. బల్ల మీద ఒక కాగితం ఉంది. నిర్లక్ష్యం కారణంగా తొలగిస్తున్నట్టు ముందే టైపు చేయించి పెట్టుకున్నాడు, తేదీ మాత్రం ఖాళీ. సోమవారం సాయంత్రం ఒక ఆఫీసు వాళ్లు ఇరవై మంది వస్తున్నారని, ఆరోజు గనక బొమ్మ చెడితే ఆ ఖాళీ నిండుతుందని చెప్పాడు.

ఉద్యోగం పోవడం ఒక్కటే అయితే టేపమ్మ తట్టుకునేది. కానీ ఆ సముదాయంలో షాపుల వాళ్లందరికీ ఒక జాబితా ఉంది. ఎవరినైనా అలా కాగితమిచ్చి పంపితే పేరు గేటు దగ్గరి పుస్తకంలో ఎక్కుతుంది. ఆ తర్వాత కింద చెప్పుల షాపు నుంచి పైన సినిమా హాలు దాకా ఎవరూ పనికి తీసుకోరు. ఆ పుస్తకానికి చట్టం లేదు, సంతకం లేదు, అప్పీలు లేదు. పేరు ఎక్కించడానికి ఒక్క ఓనరు చాలు, తీయించడానికి మాత్రం ఎవరూ చాలరు. ఇంట్లో ఆమె భర్తకు నడుము పట్టేసి ప్రింటింగ్ ప్రెస్సు పని మానేసి ఏడాదిన్నర అయింది. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆమె నడిచి వెళ్లగలిగే దూరంలో ఇంకో బజారు లేదు.

ఆమె తన తప్పేమిటని అడిగింది. ఓనరు ముందు కాస్త నసిగి, తర్వాత సూటిగానే అన్నాడు.

“నిన్న నాలుగింటికి కెమెరా దగ్గర వంగి ఏం చేశావమ్మా? మొన్న కూడా అంతే. నువ్వు దాని మీద చెయ్యి వేశాకే పాడవుతోంది.”

“పాడయ్యాకే వెళ్తున్నాను సార్. బాగుచేయడానికి.”

“ముందా, వెనకా అన్నది నాకు తెలుసులే.”

ఎలా తెలుసు? నిన్న నాలుగింటికి ఆయన గది చీకటిగా ఉంది. మెట్లు దిగుతూ టేపమ్మ ఆ ప్రశ్ననే నమిలింది. చెప్పింది బావమరిదే అయ్యుండాలి. చెడగొట్టేదీ వాడే, చాడీలు మోసేదీ వాడే.

ఇంట్లో భర్త సంగతంతా విని, దిండు మీదినుంచే తీర్పిచ్చాడు. “ఇరవై రెండేళ్లు కత్తెరతో ఉన్నావు, ఒక్క వేలు కోసుకోలేదు. ఇప్పుడేమో గాలిలో ఉన్న కొండను పడగొట్టావంటున్నారు. గొప్పదానివేనే నువ్వు.” తర్వాత నవ్వు ఆపి, దొంగను పట్టాలంటే వాకిట్లో పిండి చల్లాలి అన్నాడు. ప్రెస్సులో సిరా డబ్బాలు పోతుంటే వాళ్లు అలాగే పట్టుకున్నారట.

శనివారం పొద్దున్నే టేపమ్మ పిండి బదులు సుద్ద వాడింది. కెమెరా కాళ్ల చుట్టూ జుట్టంత సన్నంగా గీత గీసింది. దాని తీగకు, గోడకు మధ్య ఒక దారపు పోగు అంటించింది. వేలు తగిలినా తెగుతుంది. ఆరోజు తను కూడా కెమెరాను ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకుంది. మధ్యాహ్నం ఓనరు గదిలో లైటు ఆరింది. పావుగంటలో హెడ్‌సెట్‌లో ఉన్న కుర్రవాడి లోకం జారింది. ఆమె పరుగున వెళ్లి చూసింది. సుద్ద గీత చెదరలేదు. దారం తెగలేదు. కౌంటరులో బావమరిది నోట్లో పుల్ల పెట్టుకుని ఫోను చూసుకుంటున్నాడు. అతను కదిలినట్టే లేదు.

దొంగ దొరికితే కోపం వస్తుంది. దొరక్కపోతే భయం వేస్తుంది. ఆ సాయంత్రం బస్సెక్కినప్పుడు టేపమ్మకు ఆ భయమే ఉంది. నా చేతులే ఏదో చేస్తున్నాయా అని ఒకసారి చేతులు తిప్పి చూసుకుంది కూడా. పదిమంది పదిసార్లు అంటే మనిషి తన మీద తనే నిఘా పెట్టుకుంటాడు. యజమానులకు దానికంటే చవకైన కాపలా లేదు.

కిటికీ పక్క సీటు దొరికింది. బయట షాపులు, రిక్షాలు, గోడల మీద పోస్టర్లు వెళ్లిపోతున్నాయి. బస్సు రైలు వంతెన కింది సొరంగంలోకి దిగింది. బయట ఒక్కసారిగా చీకటైంది. కిటికీ గాజులో షాపులు పోయి ఆమె ముఖం వచ్చింది. ముఖం వెనక బస్సు లోపలి బల్బులు వరసగా, స్పష్టంగా, అక్కడే బయట వేలాడుతున్నట్టున్నాయి. బస్సు పైకెక్కి వెలుతురులోకి రాగానే ముఖమూ పోయింది, బల్బులూ పోయాయి. మళ్లీ రోడ్డు.

ఆమె దిగాల్సిన స్టాపు దాటిపోయింది. గమనించలేదు.

గాజు వెనక వెలుతురుంటే అది కిటికీ. వెనక చీకటైతే అద్దం. దీపాల్లాంటివి ఇంకేవీ కనబడకూడదని మెకానిక్ చెప్పాడు కాబట్టి ముఖం చూసుకునే చిన్న అద్దం కూడా తీసేయించింది. కిటికీ గాజు అద్దమవుతుందని ఎవరనుకుంటారు? హెడ్‌సెట్ వెనక పట్టీ మీద నీలి దీపాలున్నాయి. ఓనరు గది చీకటైతే అవి ఆ గాజులో మెరుస్తాయి. గాజు సరిగ్గా కెమెరాకు ఎదురుగా ఉంది. దానికి ఇటు ఒక తల, అటు ఒక తల. పాపం ఏ తలను నమ్మాలి?

ఆ ఆలోచన వెనకే ఇంకోటి వచ్చింది. అది మొదటిదానికంటే చల్లగా ఉంది. నాలుగింటికి నేను వంగానని ఎవరూ చెప్పలేదు. చీకట్లో కూర్చుని ఆయనే చూశాడు. లైటు ఆర్పేది బయటికి వెళ్లడానికి కాదు.

ఆదివారం షాపులో రద్దీ, మాట్లాడటానికి కుదరలేదు. సోమవారం తెరవకముందే ఆమె వచ్చి, బావమరిదిని పిలిచి హెడ్‌సెట్ పెట్టుకోమంది. అతను ఎప్పుడూ లోపలికి రానివాడు, అనుమానంగా చూశాడు. “నన్నెందుకక్కా బలి పశువును చేస్తావు?” అన్నాడు. ఇన్నాళ్లూ అతని గురించి అనుకున్నవన్నీ గుర్తొచ్చి ఆమెకు ఒక్క క్షణం ముఖం చెల్లలేదు. ఏమీ చూడకుండా తీర్పు చెప్పడంలో తనకూ ఓనరుకూ తేడా ఏముంది? ఓనరు దగ్గర కాగితం ఉంది, తన దగ్గర లేదు, అంతే. “తమ్ముడూ, నీ తల ఒక్కటే కావాలి. లోపల ఏమున్నా లేకపోయినా ఫరవాలేదు” అంది. అతను నవ్వి తలవంచాడు.

ఓనరు వచ్చేసరికి టీవీ మీద ఆట లేదు. అమర్చేటప్పుడు వాడే తెర ఉంది. అందులో కెమెరా ఏం చూస్తోందో అదే కనిపిస్తుంది. బావమరిది పాదాల గుర్తులకు కాస్త పక్కగా నిలబడి ఉన్నాడు, నుదుటి మీద నీలి దీపాలతో. ఓనరు ఇదేం వేషమన్నాడు.

“మీ గదిలో కూర్చోండి సార్. రోజూ కూర్చున్నట్టే.”

రోజూ అన్న మాట ఆయనకు తగిలింది. లోపలికెళ్లాడు. లైటు వెలుగుతోంది. గాజులోంచి ఆయన, ఆయన కుర్చీ, గోడకున్న క్యాలెండరు కనిపిస్తున్నాయి. టీవీలోనూ అంతే. బాగా పట్టి చూస్తే గాజు మీద నీలి మచ్చ వెలిసిపోయిన సిరా మరకలా ఉంది.

“ఇప్పుడు లైటు ఆర్పండి సార్.”

ఆయన కదల్లేదు. గాజు ఇటు పక్క టేపమ్మ, అటు పక్క ఆయన. ఆర్పితే ఒప్పుకున్నట్టు. ఆర్పకపోతే సాయంత్రం ఇరవై మంది. చివరికి చెయ్యి స్విచ్చు దగ్గరికి పోయింది.

గది చీకటైంది. టీవీలో బావమరిది భుజం వెనక, ఓనరు కూర్చున్న చోటే, రెండు నీలి దీపాలు స్పష్టంగా వెలిగాయి. బావమరిది తల తిప్పితే అవీ తిరిగాయి. అతను మెల్లగా తూలి, హెడ్‌సెట్‌లోంచే “అక్కా, నేను జారిపోతున్నాను, పట్టుకో” అన్నాడు. ఆమె భుజం పట్టుకుంది.

లైటు వెలిగింది. దీపాలు వెలిసిపోయాయి. మళ్లీ ఆరింది. మళ్లీ వచ్చాయి. చీకట్లో కనబడని ఆ మనిషి తనంతట తనే ఐదారుసార్లు వేసి ఆర్పి చూసుకున్నాడు. తను దాక్కున్న ప్రతిసారీ ఆ గదిలో ఏం జరిగిందో ఆయనకు అలా తెలిసింది. కాపలా కాసినంతసేపూ చెడగొట్టింది తనే.

బయటికొచ్చి గొంతు సవరించుకున్నాడు. సారీ అనలేదు. గాజు అమ్మినవాడు ఇది ముందే చెప్పాల్సిందన్నాడు. సాయంత్రంలోపు గాజుకు తన గది వైపు మంచి నల్లటి తెర కట్టిస్తానన్నాడు. కావాలంటే తెరుచుకోవచ్చు, అక్కర్లేనప్పుడు మూసుకోవచ్చు.

“మీ వైపు కడితే లాభం లేదు సార్” అంది టేపమ్మ. “గాజు వెనక నల్లగుడ్డ అంటే చీకటే కదా. ఇంకా బాగా మెరుస్తుంది. గుడ్డ గాజుకు ఇటుపక్క ఉండాలి. నా వైపు.”

ఆయన ఆమెను చూశాడు. ఆమె అబద్ధమేమైనా చెబుతోందా అని వెతికాడు. కొత్త అలవాటు కాదు కదా. చివరికి టార్చి, తన నల్లకోటు తెప్పించి, కోటును గాజు వెనక వేలాడదీసి, ఇటుపక్కకొచ్చి ఆయనే పరీక్షించుకున్నాడు. టార్చి వెలుగు గాజులో పుట్టెడు కనిపించింది. కోటు తీసుకొచ్చి ఇటుపక్క గాజుకు అడ్డం పట్టుకున్నాడు. వెలుగు చచ్చిపోయింది.

“సరే, కట్టు.”

“కాగితం ఇవ్వండి సార్.”

ఏ కాగితమన్నట్టు చూశాడు. ఆమె తేదీ లేని కాగితం అంది. అది సొరుగులో పడుంటుందిలే, ఇప్పుడు దాంతో పనేముందన్నాడు. టేపమ్మ మెడలోంచి టేపు తీసి చేతికి చుట్టుకుంది గాని, గాజు దగ్గరికి వెళ్లలేదు. గోడ గడియారం తొమ్మిదిన్నర దాటింది. సాయంత్రానికి తెర కుట్టాలంటే గుడ్డ ఇప్పుడే తేవాలి, ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు. హెడ్‌సెట్ ఇంకా నెత్తి మీదే ఉన్న బావమరిది మెల్లగా అన్నాడు.

“ఇచ్చేయ్ బావా. అక్క కొలత తీసుకోవాలి.”

సొరుగు తెరుచుకున్న చప్పుడైంది. కాగితం నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. ఆమె మడతలు విప్పి, అదేనా కాదా అని పై నుంచి కింద దాకా చదివింది. నమ్మకం ఒక్కరోజులో రాదు, ఏ వైపునుంచైనా. తర్వాత జాకెట్లో దోపుకుని టేపు విప్పింది.

వెడల్పు నాలుగడుగుల రెండంగుళాలు. ఎత్తు మూడు. రెండు పక్కలా వెలుతురు దూరకుండా చెరో నాలుగంగుళాలు ఎక్కువ వేసుకుంది. కింద బజారులో మెరుపు లేని నల్లటి నూలుగుడ్డ దొరికింది. దర్జీ మెషిను అరగంట అడుక్కుని కుట్టుకొచ్చింది.

ఆ సాయంత్రం ఇరవై మందీ కొండలెక్కారు, సముద్రాల్లో దిగారు, ఒక్కరి చెయ్యీ ఊడిపోలేదు. మధ్యలో రెండుసార్లు గాజును అటునుంచి గోటితో కొట్టిన చప్పుడు వినిపించింది. తెర లాగే తాడు ఇటుపక్క మేకుకు చుట్టి ఉంది. టేపమ్మ ఆ రెండుసార్లూ హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి తీగ పట్టుకుని ఉంది. రెండు చేతులూ ఖాళీ లేవు.